కవిటి కంటే ముందు కళ్యాణదుర్గం ఎలా వచ్చింది?



కిందటి సంక్రాంతికి మా బడిలో పాత విద్యార్థులమంతా కలుసుకున్నాం. కలుసుకున్నాక ఊరుకుంటామా, అందరి పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లతో చిన్న పుస్తకం వేద్దామన్నారు. ఆ పని తిరిగి తిరిగి నా నెత్తిన పడింది. నాకు కంప్యూటరు వచ్చు కదా, ఊళ్ల పేర్లను అకారాది క్రమంలో పెట్టడం ఎంతసేపని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎక్సెల్ షీటు తెరిచి, ఊరి పేర్లున్న కాలమ్ మీద నొక్కి, సార్ట్ బొత్తాం నొక్కాను. రెప్పపాటులో పని అయిపోయింది. అయినది ఏమిటో చూసుకుంటే మాత్రం తల తిరిగింది.

కందుకూరు రెండు చోట్ల ఉంది. కర్నూలు వాళ్లు నలుగురుంటే ముగ్గురు ఒకచోట, నాలుగోవాడు పట్టికలో అందరికంటే పైన. కళ్యాణదుర్గం వచ్చి కవిటి కంటే ముందు కూర్చుంది. క్రోసూరు కోవూరుకు కూడా తర్వాత, క అక్షరానికి చిట్టచివర తేలింది. ఇక ముప్ఫై పేర్లయితే ఏ వరుసకూ చెందకుండా, మిగిలిన తెలుగుతో సంబంధం లేకుండా ఒక గుంపుగా పైకి చేరాయి. పుస్తకం పని చూస్తున్న మిత్రుడొకడు ఫోనులో ఆ పట్టిక చూసి, "ఒరేయ్, నీ కంప్యూటరుకు ఓనమాలు రావురా" అన్నాడు.

కంప్యూటరుకు ఓనమాలు రావన్న మాట ఒక రకంగా నిజమే. దానికి వచ్చినవి అంకెలు. వాటి సంగతి తెలిస్తే ఈ తప్పుల్లో ఏది కంప్యూటరుది, ఏది టైపు చేసినవాళ్లది, ఏది అసలు తప్పే కాదు అన్నది విడదీసుకోవచ్చు. ఇవాళ ఆ విడదీయడం గురించే చెబుతాను.

మనం క అని టైపు చేస్తే కంప్యూటరు దాన్ని ఒక సంఖ్యగా దాచుకుంటుంది. యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా సంఖ్యలు కేటాయించారు. అందులో సున్న, అంటే అనుస్వారం, 3074. అ 3077. క 3093. హ 3129. ఆ తర్వాత గుణింతాల గుర్తులు మొదలవుతాయి. దీర్ఘం 3134, ఓత్వం 3147. అన్నిటికీ చివర పొల్లు, మన నకారపొల్లులో ఉండే ఆ గీత, 3149. ఈ సంఖ్యలను మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వాటి వరుస ఒక్కటి గుర్తుంటే చాలు. ముందు సున్న, ఆపైన అచ్చులు, ఆపైన హల్లులు, ఆపైన గుణింతపు గుర్తులు, ఆఖరున పొల్లు.

ఇప్పుడు క్రోసూరు తీసుకోండి. మన కంటికి క్రో ఒకే అక్షరం. కంప్యూటరుకు అది నాలుగు ముక్కలు: క, పొల్లు, ర, ఓత్వం. ఇక కోవూరులో కో రెండు ముక్కలు: క, ఓత్వం. ఈ రెండు ఊళ్లను పోల్చేటప్పుడు మొదటి ముక్క రెండింటికీ క కాబట్టి సరిసమానం. రెండో ముక్క దగ్గర ఒకదానికి ఓత్వం, ఒకదానికి పొల్లు. పొల్లు పెద్దది. అందుకని క్రోసూరు వెనక్కి పోయింది. కో కంటేనే కాదు, కౌ కంటే కూడా వెనక్కే పోతుంది.

ఇది తప్పా? కాదు. మన తెలుగు నిఘంటువు ఏదైనా తెరవండి. క్రమం, క్రియ, క్షణం లాంటి మాటలు కౌ తర్వాతే, క విభాగం చివర ఉంటాయి. గుణింతమంతా అయ్యాకనే వత్తులు. నా మిత్రుడికి అది వింతగా ఎందుకు కనిపించిందంటే, మనలో చాలామందిమి తెలుగు నిఘంటువు తిరగేసి ఏళ్లు గడిచాయి. బ్యాంకులో, రైల్వే రిజర్వేషన్లో, ఫోనులో రోజూ చూసే జాబితాలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరుసవి. ఇంగ్లీషులో రాస్తే కర్నూలు అందరికంటే చివరికి పోతుంది, కె తర్వాత యు వస్తుంది కాబట్టి. కందుకూరు కళ్యాణదుర్గం తర్వాత వస్తుంది. ఆ వరుసకు అలవాటుపడ్డ కన్ను తెలుగు వరుసను చూసి తప్పంటుంది.

కందుకూరు సంగతీ ఇలాంటిదే, కానీ అందులో ఇంకొక మెలిక ఉంది. చిన్నప్పుడు మనం క గుణింతం వల్లించేటప్పుడు కం, కః చివర వచ్చేవి. ఆ లెక్కన కందుకూరు కౌ తర్వాత రావాలని కొందరు పట్టుబడతారు. నిఘంటువుల సంప్రదాయం అది కాదు. అ విభాగం తెరిస్తే మొదట కనిపించేవి అంకం, అంకురం లాంటి మాటలే. సున్న ఉన్న మాట అదే హల్లుతో మొదలయ్యే మిగతా మాటల కంటే ముందుంటుంది. కంప్యూటరులో సున్న సంఖ్య 3074, అంటే హల్లులన్నిటికంటే చిన్నది. కాబట్టి కందుకూరు కడప కంటే ముందే నిలబడుతుంది. నిఘంటువూ కంప్యూటరూ ఇక్కడ ఒక్క మాట మీదున్నాయి. వల్లించే వరుస వేరు, వెతుక్కునే వరుస వేరు.

అయితే కళ్యాణదుర్గం కవిటి కంటే ముందు రావడం మాత్రం నిజంగా ఆలోచించాల్సిన సంగతి. బాలశిక్షలో మనం నేర్చుకున్నది య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. అందులో ళ హకారం తర్వాత వస్తుంది. ఆ వరుసలో అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం శ్రీకాకుళం జిల్లా కవిటి తర్వాత రావాలి. కంప్యూటరులో ల 3122, ళ 3123, వ 3125. ళ పోయి ల పక్కన కూర్చుంది. అలాగే ఱ కూడా ర పక్కనే ఉంది, 3120, 3121.

దీనికి కారణం తెలుసుకుంటే సరదాగా ఉంటుంది. యూనికోడ్ కంటే ముందే మన దేశంలో భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే సంకేతాల ప్రమాణం తయారుచేశారు. 1991లో అది ఐఎస్ 13194 అన్న పేరుతో భారతీయ ప్రమాణంగా కూడా వచ్చింది. అందులో ఆలోచన ఏమిటంటే, దేవనాగరి అయినా, తెలుగయినా, కన్నడమయినా, ఒకే ధ్వనికి ఒకే గూడు. క ఉన్న గూట్లో అన్ని భాషల క, ళ ఉన్న గూట్లో అన్ని భాషల ళ. యూనికోడ్ వాళ్లు మన లిపులకు సంఖ్యలు ఇచ్చేటప్పుడు ఇస్కీ 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకున్నారు. అందుకే దేవనాగరి ళ సంఖ్య 2355 అయితే, దానికి సరిగ్గా 768 కలిపితే తెలుగు ళ వస్తుంది. క కి కలిపినా అంతే, మ కి కలిపినా అంతే. మనకు లేని ధ్వనుల గూళ్లు ఖాళీగా వదిలేశారు. తెలుగు న సంఖ్య 3112, ప సంఖ్య 3114. మధ్యలో 3113 ఖాళీ, ఎందుకంటే అది వేరే లిపిలో ఉన్న ఇంకొక నకారానిది. అందరికీ కలిపి కట్టిన ఉమ్మడి ఇంట్లో ఎవరి గదులూ వాళ్లకు నచ్చిన వరుసలో ఉండవు కదా. మనకు ళ, ఱ దగ్గర మాత్రమే చిక్కొచ్చింది. తమిళులకు ఇంకా ఇబ్బంది. వాళ్ల అక్షరమాలలో ఆఖరున ఉండాల్సిన రెండో నకారం ఈ వరుసలో మొదటి నకారం పక్కకు, అంటే ప కంటే కూడా ముందుకు వచ్చేసింది.

యూనికోడ్ వాళ్లే చెప్పేదేమిటంటే, ఈ సంఖ్యలు అక్షరాలను దాచుకోవడానికే, వరుస పెట్టడానికి కాదు. వరుస పెట్టడానికి భాషకొక పట్టీ వేరుగా ఉంటుంది. స్ప్రెడ్‌షీట్ ఆ పట్టీని చూసి సార్ట్ చేయాలి. ఏ పట్టీ చూడాలో దానికి ఎలా తెలుస్తుంది? ఎక్సెల్ అయితే మన విండోస్‌లో పెట్టుకున్న ప్రాంతం, భాష అమరికను చూస్తుంది. సార్ట్ చేసే పెట్టెలో భాష అడిగే చోటు దానికి లేదు. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఉంది. డేటా మెనూలో సార్ట్, అందులో ఆప్షన్స్ అన్న పేజీ, అక్కడ లాంగ్వేజ్ అని ఒక గడి. అందులో తెలుగు ఎంచుకోవచ్చు. చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు. అయితే భాషను తెలుగుగా పెట్టినంత మాత్రాన ళ హ తర్వాతకు పోతుందని ఆశపడకండి. తెలుగుకు అక్కడున్న నియమం సున్న, విసర్గలను ఔ తర్వాత, క కంటే ముందు పెట్టమని చెబుతుంది. ళ జోలికి పోదు.

మీ కంప్యూటరులో ఏ వరుస నడుస్తోందో కనిపెట్టడానికి ఒక పరీక్ష చెబుతాను. కొత్త షీటు తెరిచి ఈ పదకొండు ఊళ్లు మీ చేత్తో మీరే టైపు చేయండి, ఏ వరుసలోనైనా సరే. కందుకూరు, కడప, కర్నూలు, కలికిరి, కళ్యాణదుర్గం, కవిటి, కాకినాడ, కైకలూరు, కొవ్వూరు, కోవూరు, క్రోసూరు. ఇప్పుడు సార్ట్ నొక్కండి. నేను చదివిన వరుసలోనే వస్తే, ళ ఒక్కటి తప్ప మీ కంప్యూటరు నిఘంటువు పద్ధతిలోనే ఉన్నట్టు. కందుకూరు కడప తర్వాతకు జారిపోయిందంటే, అది సున్నను లెక్కలోకి తీసుకోకుండా కదుకూరు అని చదువుకుంటోందన్నమాట. అప్పుడు భాష అమరికను తెలుగుకు మార్చి మళ్లీ చూడాలి. ఈ పదకొండు పేర్లు సరిగా వచ్చి, మీ అసలు పట్టిక మాత్రం తప్పుగా వస్తే ఇక తప్పు వరుసది కాదు. పట్టికలోని అక్షరాలది.

నా పట్టికలో జరిగింది అదే. మూడు చేతుల మీదుగా వచ్చిన పేర్లు అవి. కొన్ని ఫోనులో టైపు చేసినవి, కొన్ని వాట్సాప్ నుంచి అతికించినవి, కొన్ని డీటీపీ చేసే చోట కొట్టించిన పాత జాబితా నుంచి తెచ్చినవి. తెర మీద అన్నీ తెలుగే. లోపల మాత్రం మూడు రకాలు.

ఏ వరుసకూ రాకుండా పైకి చేరిన ముప్ఫై పేర్ల సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే ఇది మన పంచాయతీ ఆఫీసుల్లో, సంఘాల్లో, పత్రికల పాత ఫైళ్లలో అందరికీ ఎదురయ్యేదే. డీటీపీలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు వాడారు. ఆ పద్ధతిలో దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు. దాచేది ఇంగ్లీషు అక్షరాన్నో, ఏదో ఒక గుర్తునో. దాని మీద తెలుగు అక్షరపు బొమ్మను, ఒక్కోసారి అక్షరంలో ఒక ముక్క బొమ్మను తొడుగుతారు. వేషం తెలుగుది, లోపలి మనిషి వేరు. సార్ట్ చేసేటప్పుడు కంప్యూటరు వేషాన్ని చూడదు. లోపలున్న గుర్తుల వరుసనే చూస్తుంది. అందుకే ఆ ముప్ఫై పేర్లూ వాటి లెక్క ప్రకారం సరైన వరుసలోనే ఉన్నాయి, మనకే అది అర్థంలేని వరుస.

దీన్ని పట్టుకోవడం తేలిక. అనుమానం ఉన్న గడిని ఎంచుకుని ఫాంటును గౌతమికో నిర్మలకో మార్చండి. తెలుగు చెదిరిపోయి పిచ్చి గుర్తులు కనిపిస్తే అది పాత ఫాంటు సరుకు. వందల గడులుంటే ఒక్కొక్కటీ మార్చి చూడలేరు కాబట్టి ఒక చిన్న ఫార్ములా చెబుతాను, కాగితం తీసుకోండి. పక్క కాలమ్‌లో, పేరు ఏ2 గడిలో ఉందనుకుని, ఈక్వల్ టు, యూనికోడ్, బ్రాకెట్లో ఏ2.

```
=UNICODE(A2)
```

ఇది ఆ గడిలోని మొదటి అక్షరం సంఖ్య చెబుతుంది. ఎక్సెల్ 2013 నుంచీ ఉంది. జవాబు 3072కి, 3199కి మధ్య ఉంటే అది నిజమైన తెలుగు. ఉండకపోతే అనుమానించాలి. కిందిదాకా లాగి, ఆ సంఖ్యల కాలమ్‌నే సార్ట్ చేస్తే వేషగాళ్లంతా ఒకచోట చేరతారు. వాళ్లను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లతో మార్చుకోవాలి. మార్చాక మాత్రం అసలు కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరూ చదవండి. వత్తుల దగ్గర, సున్నల దగ్గర కన్వర్టర్లు తడబడతాయి. నా ముప్ఫైలో నాలుగు పేర్లు చేత్తో దిద్దాల్సి వచ్చింది.

అదే ఫార్ములా కర్నూలు గుట్టు కూడా విప్పింది. ముగ్గురు కర్నూలు వాళ్లకు 3093 వచ్చింది. పట్టికలో అందరికంటే పైకెక్కిన నాలుగోవాడికి 32 వచ్చింది. 32 అంటే ఖాళీ. పేరుకు ముందు ఎవరో ఒకసారి స్పేస్ నొక్కారు. కంటికి కనపడదు, సార్ట్‌లో మాత్రం అది అన్ని అక్షరాల కంటే ముందుకు తోసుకొస్తుంది. ట్రిమ్ అన్న ఫార్ములా ఇలాంటి ఖాళీలను తీసేస్తుంది. కానీ 160 వచ్చిందనుకోండి, అది వెబ్ పేజీల నుంచి అతికించినప్పుడు వచ్చే మొండి ఖాళీ. ట్రిమ్‌కు లొంగదు. ఆ ఖాళీని కాపీ చేసి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో అతికించి, రీప్లేస్ గడి ఖాళీగా వదిలి తీసేయాలి.

రెండు చోట్ల కనిపించిన కందుకూరుకు మాత్రం రెండిటికీ 3093 వచ్చింది. మొదటి అక్షరం బాగానే ఉంది మరి. అప్పుడు రెండో అక్షరం చూశాను.

```
=UNICODE(MID(A2,2,1))
```

ఒకదానికి 3074, అంటే సున్న. ఇంకొకదానికి 3174. అది అక్షరం సున్న కాదు, తెలుగు అంకె సున్న! ఒకటి, రెండు, మూడు అని తెలుగు అంకెలు రాసేటప్పుడు వాడే పూజ్యం. రెండూ గుండ్రంగా ఒకేలా ఉంటాయి కాబట్టి టైపు చేసినాయన ఏది దొరికితే అది నొక్కేశారు. అలా రాసిన కందుకూరు సంఖ్యల వరుసనే పట్టుకుపోయే ప్రోగ్రాముల్లో క్రోసూరు కూడా దాటి వెనక్కి పోతుంది. అంకెలను అక్షరాల కంటే ముందు పెట్టే ప్రోగ్రాముల్లో కంకిపాడు కంటే ముందుకొస్తుంది. ఎక్కడికి పోయినా దాని చోట అది ఉండదు, కందుకూరు అని వెతికినా దొరకదు. దీనికి మందు తేలిక. కాలమ్ మొత్తం ఎంచుకుని ఫైండ్ అండ్ రీప్లేస్‌లో అంకె సున్న ఉన్నచోటల్లా అక్షరం సున్న పెట్టడమే. ఇంటి నంబర్లు తెలుగు అంకెల్లో రాసుకున్న కాలమ్ మీద మాత్రం పొరపాటున కూడా ఈ పని చేయకండి.

ఇంకొక కనపడని వస్తువుంది. కరీంనగర్ అని ఫోనులో టైపు చేస్తే కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత ఒక అదృశ్య గుర్తును జోడిస్తాయి. తర్వాతి హల్లు వత్తుగా మారిపోకుండా విడిగా నిలబెట్టడం దాని పని. దాని సంఖ్య 8204. ఎల్ఈఎన్, లెన్ అనే ఫార్ములాతో పొడవు కొలిస్తే బయటపడుతుంది. మామూలు కరీంనగర్‌లో ఎనిమిది ముక్కలుంటాయి. లెన్ తొమ్మిదంటే తొమ్మిదోది ఇదే. కొన్ని ప్రోగ్రాములు సార్ట్ చేసేటప్పుడు దీన్ని పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి. దీన్ని కాలమ్ మొత్తంలోంచి తీసేద్దామంటే కుదరదు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలోంచి తీసేస్తే ట కింద వకారం వత్తుగా చేరి మాట ముఖమే మారిపోతుంది. అంటే అచ్చులో ఉండాలి, వరుసలో ఉండకూడదు.

ఇక్కడే నాకు అసలు ఉపాయం తట్టింది. అచ్చుకు ఒక కాలమ్, వరుసకు ఇంకొక కాలమ్. చదివేవాళ్లకు కనిపించే పేరు మొదటి దాంట్లో ఎలా రాయాలో అలా ఉంటుంది. పక్కన ఇంకొక కాలమ్ పెట్టి, అందులో అదే పేరును సార్ట్‌కు అనువైన రూపంలో తయారుచేసి, ఆ రెండో కాలమ్ ఆధారంగా సార్ట్ చేస్తాం. పుస్తకం అచ్చుకిచ్చేటప్పుడు దాన్ని దాచేస్తాం. దాన్ని నేను వరుస కాలమ్ అని పిలుచుకుంటున్నాను.

ళ చిక్కు కూడా ఇందులోనే తీరిపోయింది. ళ హ తర్వాత రావాలి. హ తర్వాత అంటే హ గుణింతం అయ్యాక, హ్మ, హ్వ లాంటి వత్తులన్నీ అయ్యాక. తెలుగు మాటల్లో దాదాపు ఎప్పుడూ రానిది, ఆ వరుసలో బాగా వెనక నిలబడేది ఒకటి కావాలి. హకారానికి హ వత్తు, దానికి మళ్లీ హ వత్తు. వరుస కాలమ్‌లో ళ ఉన్నచోటల్లా దాన్ని పెడితే సరి. నోటితో పలకలేం, దాన్ని ఎవరూ చదవరు కూడా. అదృశ్య గుర్తును తీసేయడం కూడా కలిపితే ఫార్ములా ఇది. చదివితే పొడుగ్గా ఉంటుంది కానీ ట్రిమ్ కాక లోపల ఉన్నది రెండు మార్పులే, ఒకదాని పొట్టలో ఒకటి.

```
=SUBSTITUTE(SUBSTITUTE(TRIM(A2),UNICHAR(8204),""),"ళ","హ్హ్హ")
```

సబ్‌స్టిట్యూట్ అంటే ఒకదాని బదులు ఇంకొకటి. లోపలిది 8204 గుర్తును తీసేస్తుంది, బయటిది ళను మారుస్తుంది. కళ్యాణదుర్గం ఈ కాలమ్‌లో క పక్కన మూడు హకారాల గోపురంలా కనిపిస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా కవిటి తర్వాత, కాకినాడకు ముందు చక్కగా కూర్చుంటుంది. ఱ కూడా బాలశిక్ష వరుసలో కావాలంటే ఇంకొక పొర వేసి, ఇంకొక హ వత్తు పెంచుకోవచ్చు. ఇవాళ ఊళ్ల పేర్లలో ఱ రాసేవాళ్లు లేరు కాబట్టి నేను దాని జోలికి వెళ్లలేదు. క్ష సంగతి అడుగుతారేమో. బాలశిక్షలో అది విడి అక్షరమైనా, వెతుక్కునేవాడికి నిఘంటువులోలాగా క చివర ఉండటమే తేలికని నా అభిప్రాయం. దాన్ని ఉన్నచోటే వదిలేశాను.

సార్ట్ నొక్కే ముందు రెండు పనులు చేశాను. మొదట ఒక కాలమ్‌లో ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు వేశాను, ఏదైనా పాడైతే ఆ నంబర్లతో సార్ట్ చేసి పాత స్థితికి రావచ్చని. రెండోది, పట్టిక మొత్తం ఎంచుకున్నాను. ఒక్క కాలమే ఎంచుకుని సార్ట్ చేస్తే ఊళ్లు కదులుతాయి, ఫోను నంబర్లు కదలవు. కడపాయన ఫోను కాకినాడాయనకు పోతుంది. అది ఎప్పుడో ఎవరికో ఫోను చేస్తే తప్ప బయటపడదు.

ఊళ్ల పని అయ్యాక మనుషుల పేర్లకు వచ్చాను. అక్కడ ఏ ఫార్ములాకూ అందని చిక్కు మిగిలింది. మా తరగతిలో రాంబాబులు ముగ్గురు. ఒకాయన సున్నతో రాస్తాడు. ఇంకొకాయన మకారపొల్లుతో రాస్తాడు. మూడో ఆయన మకారానికి బ వత్తు ఇచ్చి రాస్తాడు. పలుకుబడి ఒకటే. సున్న రాంబాబు రాజు కంటే కూడా ముందుకు వెళ్లిపోతాడు. మిగతా ఇద్దరూ రామారావు, రాముడు అందరూ అయ్యాక వెనకెక్కడో తేలతారు. కృష్ణ అని వట్రసుడితో రాసినవాళ్లు కె కంటే ముందు ఉంటారు. క్రిష్ణ అని రాసినవాళ్లు క చివర క్రోసూరు దగ్గర ఉంటారు. మధ్యలో కేశవులు, కైలాసాలు, కోటేశ్వరరావులు అందరూ. ఎవరి పేరు వాళ్లిష్టం. దిద్దే హక్కు నాకు లేదు. కంప్యూటరు కూడా చేసేది ఏమీ లేదు, ఆ పేర్లు నిజంగానే వేరు వేరుగా రాసినవి కాబట్టి.

అలాంటి చోట్ల వరుస కాలమ్‌లో ఫార్ములా తీసేసి చేత్తో టైపు చేశాను. ముగ్గురు రాంబాబులకూ ఆ కాలమ్‌లో ఒకే రూపం ఇచ్చాను, సున్నతో. అచ్చులో మాత్రం ఎవరి పేరు వాళ్లు రాసుకున్నట్టే ఉంది. పుస్తకంలో ముగ్గురూ ఒకరి కింద ఒకరు వచ్చారు.

ఆఖరున కళ్యాణదుర్గం దగ్గర ఇద్దరు మిగిలారు. ఒకరు ళ తో రాశారు. ఇంకొకరు తెలుగు పండితులు, సంస్కృతంలో కల్యాణమే ఉందని ల తో రాశారు. ల తో రాస్తే కలికిరి పక్కన, ళ తో రాస్తే కవిటి తర్వాత. ఒకే ఊరివాళ్లు అరపేజీ దూరంలో పడ్డారు. ఇద్దరికీ ఫోను చేశాను. ఇద్దరూ తమ అక్షరం మార్చనన్నారు. సరే, అచ్చులో రెండూ ఉంచాను. వరుస కాలమ్‌లో మాత్రం పండితుడిగారికి తెలియకుండా ఆయనకు కూడా ళ పెట్టేశాను. ఇద్దరూ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నారు.